రాత్రి 2 గంటలప్పటి బ్యాకప్ అంటే ఏం పోయినట్టు?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫ్రంటాఫీస్ సూపర్‌వైజర్ని. సిస్టమ్ ఆగినప్పుడల్లా ఐటీ వాళ్లు పంపే పొడి ఇంగ్లిష్ మెసేజీలను అందరికీ అర్థమయ్యేలా తెలుగులో రాసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే పని మా మేనేజర్ గారు ఏడాది క్రితం నాకు అప్పగించారు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున 9:40కి సిస్టమ్ ఆగింది. 11:10కి ఐటీ నుంచి ఇది వచ్చింది:

```
HMS DB corrupted. Restored from 02:00 backup.
Svc up 11:10. Users pls relogin & verify.
```

నేను ‘సిస్టమ్ బాగైంది. అందరూ మళ్లీ లాగిన్ అయి ఒకసారి చెక్ చేసుకోండి’ అని పెట్టాను. సాయంత్రం ఒక వార్డు సిస్టర్ ఫోన్ చేసి, తెల్లవారుజామున తను ఎక్కించిన వివరాలు కనబడట్లేదంది. చూస్తే ఆ పొద్దుటివి ఎవరివీ లేవు. ఐటీ సార్ ‘నేను మెసేజ్‌లో రాశాగా’ అంటున్నారు. సిస్టర్లు, ల్యాబ్ వాళ్లు ‘బాగైందని చెప్పింది నువ్వే కదా’ అంటున్నారు. మేనేజర్ గారేమో ‘చిన్నగా రాయి, పెద్ద మెసేజ్ ఎవరూ చదవరు’ అంటారు. నేను చదివింది బీకాం. ఈ పని నావల్ల కాదని చెప్పేయాలా? చేయాల్సే వస్తే ఎలా రాయాలి?

సమాధానం: పని వదలడం, ఉంచుకోవడం గురించి కాసేపాగి మాట్లాడుకుందాం. ముందు ఆ రెండు లైన్లు దగ్గర పెట్టుకుని చూద్దాం. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ డేటాబేస్ పాడైంది, 2 గంటలకు తీసిన బ్యాకప్ తెచ్చి పెట్టాం, 11:10కి లేచింది, మళ్లీ లాగిన్ అయి సరిచూసుకోండి, ఇదీ అందులో ఉన్నది.

మీరు రాసిన తెలుగులో తప్పు లేదు. సిస్టమ్ లేచిందన్నారు, లేచింది. మళ్లీ లాగిన్ అవ్వమన్నారు, అవ్వాలి. మీ నోటీసులోకి రానిది ఒక్కటే, `02:00`. అది మీకు ఐటీ వాళ్ల లోపలి లెక్కలా కనబడి ఉంటుంది, ఏ సర్వర్ ఎప్పుడు కాపీ తీసుకుందో మనకెందుకులే అనిపించి ఉంటుంది. రాసిన ఐటీ సార్‌కు మాత్రం ఆ అంకె ఒక్కటే చాలు. 2 గంటలకు తీసిన కాపీని తెచ్చి పెట్టారంటే, సిస్టమ్ 2 గంటలప్పుడు ఎలా ఉందో అలాగే లేచిందని ఆయన ఉద్దేశం. ఆ తర్వాత ఎవరు ఏం టైపు చేసినా అందులో ఉండదు. అందుకే ఆయన ‘రాశాగా’ అంటున్నారు. ఆయన మనసులో అది నిజంగానే రాసినట్టే. చివర్లో పెట్టిన `verify` అన్న మాటకు ఆయన లెక్కలో అర్థం ‘పోయినవి చూసుకుని మళ్లీ ఎక్కించుకోండి’ అని. అంత బరువు ఆ చిన్న మాట మోయలేదు.

ఇక్కడ మీకు ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ఆ మెసేజ్ చూసి డేటా పోయిందని తేల్చడం ఇంకో ఇంజనీరుకైనా కుదరదు. డేటాబేస్ తనలో జరిగే ప్రతి మార్పునూ లాగ్ అనే ఇంకో ఫైలులో వరసగా రాసుకుంటూ పోతుంది. ఆ లాగ్ దెబ్బతినకుండా ఉంటే 2 గంటల కాపీని ముందు పెట్టి, తర్వాతి మార్పులన్నిటినీ దాని మీద మళ్లీ నడిపించి, 9:40కి కాస్త ముందు వరకూ తేవచ్చు. లాగ్ కూడా పోయినా, అసలు దాన్ని దాచుకునే ఏర్పాటే లేకపోయినా, 2 గంటల దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండిట్లో ఏది జరిగిందో ఆ మెసేజ్‌లో లేదు. కాబట్టి మీరు చేయగలిగింది ఊహించడం కాదు, అడగడం. అడగాల్సిన ప్రశ్న కూడా బీకాం చదివిన మనిషి అడగగలిగిందే: ‘సార్, 2 తర్వాత మావాళ్లు ఎక్కించినవి ఉన్నాయా, పోయాయా?’

నేను చాలా ఏళ్లు హెల్ప్ డెస్క్‌లో కూర్చుని సరిగ్గా ఇలాంటి పొడి మెసేజీలే పంపినవాణ్ని. తర్వాత మీ కుర్చీలోకి వచ్చి వాటిని తిరగరాశాను. ఐటీ వాళ్లు వాళ్లు చేసిన పని రాస్తారు. రీస్టోర్ చేశాం, రీబూట్ చేశాం, స్విచ్ మార్చాం. చదివేవాళ్లకు కావలసింది తాము చేయవలసిన పని. ఈ రెండిటి మధ్య ఉన్న దూరాన్ని తెలుగు మాటలు పూడ్చవు. ఎవరైనా వెళ్లి కనుక్కుని వస్తేనే పూడుతుంది.

కనుక్కోవాల్సినది ఆ రోజు ఇంకోటి కూడా ఉంది. నాకైతే పోయిన డేటా కన్నా అదే ఎక్కువ భయం పుట్టించింది. నంబర్ల సంగతి.

ఉదాహరణకు రాత్రి 2 గంటలకు మీ సిస్టమ్‌లో చివరి రిజిస్ట్రేషన్ నంబరు 4812 అనుకోండి. 9:40 లోపు ఇంకో 63 మంది వచ్చారు, 4875 వరకు వెళ్లింది. ఆ 63 మంది చేతుల్లో ఆ నంబర్లున్న చీటీలున్నాయి, వాళ్ల రక్తం ట్యూబుల మీద ఆ నంబర్ల బార్‌కోడ్ స్టిక్కర్లున్నాయి. ఇప్పుడు 2 గంటల కాపీ లేచింది. దాని లెక్కలో చివరి నంబరు ఇంకా 4812యే. 11:10 తర్వాత కౌంటర్‌కి వచ్చిన మొదటి మనిషికి 4813 ఇస్తుంది. పొద్దున 4813 వచ్చినాయన ఆపాటికి ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఒక నంబరు, ఇద్దరు మనుషులు. ల్యాబ్‌లో పొద్దుటి ట్యూబును స్కాన్ చేస్తే, తెర మీద 11:10 తర్వాత వచ్చినాయన పేరు పడుతుంది.

దీనికి విరుగుడు ఐటీ చేతిలో ఉంది. సిస్టమ్‌ను అందరికీ తెరిచే ముందు తర్వాతి నంబరును 5001 లాంటి దూరపు అంకెకు జరిపేస్తే సరిపోతుంది. మధ్యలో కొన్ని నంబర్లు ఖాళీగా పోయినా మనుషులకు ప్రమాదం ఉండదు. బిల్లు నంబర్లకూ ఇదే చేస్తే, ఎందుకు ఖాళీ వచ్చిందో అకౌంట్స్ వాళ్లకు ఒక కాగితం రాసివ్వాలి, అంతే. హడావిడిలో ఉన్న ఇంజనీరుకు ఇది తట్టకపోవచ్చు. ఆయన ధ్యాసంతా సర్వర్ లేపడం మీద ఉంటుంది. కౌంటర్‌లో కూర్చునే మీకు చీటీలూ స్టిక్కర్లూ కళ్ల ముందుంటాయి కాబట్టి మీకే ముందు తడుతుంది. ‘సార్, కొత్త నంబర్లు ఎక్కడి నుంచి మొదలవుతాయి?’ అని మీరు అడిగితే ఆయన అక్కడే ఆగి చూసుకుంటారు.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు చేతికొచ్చాక, ఆ రోజు నోటీసు నేనైతే ఇలా రాసేవాణ్ని:

‘సోమవారం ఉదయం 11:25. అన్ని విభాగాలకు.
ఈ రోజు తెల్లవారుజామున 2 గంటల నుంచి ఉదయం 9:40 వరకు సిస్టమ్‌లో ఎక్కించినవేవీ ఇప్పుడు అందులో లేవు. మళ్లీ ఎక్కించాలి.
సిస్టమ్ పనిచేస్తోంది. మళ్లీ లాగిన్ అవ్వండి. కొత్త రిజిస్ట్రేషన్లు 5001 నుంచి మొదలవుతాయి.
కౌంటర్: పొద్దుటి పేషెంట్లను ముందు రిజిస్టర్ చేయండి, తర్వాతే బిల్లు. పాత చీటీ తీసుకుని కొత్త నంబరు చీటీ ఇవ్వండి.
ల్యాబ్: పొద్దుటి స్టిక్కర్ ఉన్న ట్యూబును స్కాన్ చేయకండి. కౌంటర్ నుంచి కొత్త స్టిక్కర్ వచ్చాక, పేరు, వయసు సరిచూసి పాతదాని పక్కన అంటించండి. పాతది పీకేయకండి.
వార్డులు: తెల్లవారుజాము నుంచి ఇచ్చిన మందులు, బీపీ, టెంపరేచర్ కేస్ షీట్ చూసి మళ్లీ ఎక్కించండి.
ఫార్మసీ: ఆ సమయంలో అమ్మినవి స్టాకులోంచి తగ్గలేదు. తెర మీద ఉన్నా అరలో ఉండకపోవచ్చు.
9:40 నుంచి 11:10 వరకు చేత్తో రాసిన కాగితాలు వీటన్నిటి తర్వాత ఎక్కించండి.
తర్వాతి కబురు 12:30కి.’

మీ మేనేజర్ గారి మాట కొట్టిపారేయదగ్గది కాదు, పెద్ద మెసేజ్ చదవరు. కానీ ఈ మెసేజ్‌ను ఎవరూ మొత్తం చదవనక్కర్లేదు. మొదటి మూడు లైన్లు, చివరి రెండు లైన్లు అందరివీ, మధ్యలో ఎవరి పేరున్న లైను వాళ్లది. వాట్సాప్ పొడుగు మెసేజ్‌ను మధ్యలో మడిచేస్తుంది కాబట్టి, పోయింది ఏమిటో ఆ మడతకు పైనే ఉండాలి. సిస్టమ్ పనిచేస్తోందన్న శుభవార్తను దాని కింద పెట్టింది కావాలనే. ‘బాగైంది’ అన్న మాట ముందు కనబడితే చదివేవాళ్లు అక్కడితో ఫోన్ జేబులో పెట్టేస్తారు. మీ సోమవారం నాడు జరిగింది కూడా అదే అయి ఉంటుంది.

‘చెక్ చేసుకోండి’ అన్న మాట ఇందులో ఎక్కడా రాయలేదు, గమనించండి. చెక్ చేయమంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. లాగిన్ అయి, తెర వచ్చింది కాబట్టి అంతా ఉందనుకుంటారు. ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఏ కాగితం చూసి, ఏది ముందు ఏది తర్వాత, ఇవి చెబితే చేయి కదులుతుంది. ల్యాబ్ లైను ఒకటికి రెండుసార్లు ల్యాబ్ ఇన్‌చార్జికి చదివి వినిపించాకే పెట్టండి. చాలా ల్యాబ్ మెషిన్లకు సొంత మెమరీ ఉంటుంది, పొద్దుటి రిజల్ట్స్‌ను మళ్లీ సిస్టమ్‌కు పంపగలవు. పనికొచ్చేదే, కానీ మెషిన్ పాత నంబరు మీదే పంపుతుంది. నంబర్ల గొడవ తేలకముందు ఎవరైనా ఆ బటన్ నొక్కితే ఒకరి రిపోర్టు ఇంకొకరి పేరు మీద పడుతుంది.

ఇది సిస్టమ్ లేచాక రాసే నోటీసు. ఆగి ఉన్నప్పుడు రాసేవాటిలో ఇంకో రకం గుంట ఉంటుంది, నమ్మకం కొలత మారిపోవడం. ఐటీ వాళ్లు పెట్టే స్థితి మాటలకు ఒక వరస ఉంది. `Investigating` అంటే ఏదో తేడా ఉందని తెలిసింది, ఎందుకో తెలియదు. `Identified` అంటే కారణం దొరికింది, ఇంకా సరిచేయలేదు. `Monitoring` అంటే సరిచేశాం, నిలబడుతుందో లేదో చూస్తున్నాం. `Resolved` అంటే వాళ్ల లెక్కలో పని అయిపోయింది. మనం తెలుగులో రాసేటప్పుడు మూడోదాన్ని ‘బాగైంది’ అని రాసేస్తాం. అరగంటలో మళ్లీ పడిపోతే ఆ తర్వాత మన ఏ మాటా నమ్మరు. ‘సరిచేశారు, ఇంకో అరగంట చూస్తున్నారు, అప్పటిదాకా ముఖ్యమైనవి కాగితం మీద కూడా రాయండి’ అంటే అది ఉన్నదున్నట్టు చెప్పడం. ఆయన ఎంత గట్టిగా చెప్పారో మనమూ అంతే గట్టిగా చెప్పాలి, ఒక పిసరు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

సమయం విషయంలో ఇది మరీ ముఖ్యం. `ETA 1 hr` అని వస్తే ‘గంటలో వస్తుంది’ అని రాయకండి. అది దాదాపు ఎప్పుడూ అంచనాయే. మీ గంట మాట నమ్మి కౌంటర్ అమ్మాయి, ఫాస్టింగ్ షుగర్ పరీక్షకు ఏమీ తినకుండా వచ్చిన పెద్దాయన్ను ‘గంట కూర్చోండి తాతగారూ’ అంటుంది. గంట రెండు గంటలవుతుంది. దానికి బదులు మీ చేతిలో ఉన్న సమయం రాయండి: ‘ఎప్పటికి వస్తుందో ఇంకా తేలలేదు. 10:30కి మళ్లీ చెబుతాను. అప్పటిదాకా శాంపిళ్లు తీసుకోండి, పేరు, వయసు, సమయం చేత్తో రాయండి.’ చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా సరిగ్గా 10:30కి ‘ఇంకా రాలేదు, మళ్లీ 11కి’ అని పెట్టండి. ఆ కబురు రాకపోతేనే వార్డుకొకరు చొప్పున ఐటీకి ఫోన్ చేస్తారు. బాగుచేసే మనిషి ఫోన్లెత్తుతూ కూర్చుంటాడు.

`intermittent` అన్న మాట వస్తే కౌంటర్‌కి విడిగా ఒక లైను రాయండి. ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోవడం పూర్తిగా ఆగిపోవడం కన్నా చెడ్డది, ఎందుకంటే సేవ్ నొక్కితే తెర కదలదు, లోపల మాత్రం బిల్లు పడి ఉండొచ్చు. మళ్లీ నొక్కితే రెండు బిల్లులు. ‘సేవ్ ఒక్కసారే నొక్కండి. తెర కదలకపోతే బిల్లుల లిస్టు తెరిచి చూశాకే రెండోసారి’ అంటే చాలు. ‘ఇంటర్మిటెంట్’ను తెలుగు చేయడానికి తంటాలు పడనక్కర్లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. మీ ముందు మూడు దారులున్నాయని నాకనిపిస్తోంది.

పని తిరిగి ఇచ్చేయడం ఒకటి. ఐటీ వాళ్లే నేరుగా గ్రూపులో రాస్తారు, మాటపడేది మీరు కాదు. కానీ ఆ రెండు లైన్ల ఇంగ్లిషే వార్డులకు వెళ్తుంది. సిస్టర్లు అర్థం అడగడానికి మీ కౌంటర్‌కే ఫోన్ చేస్తారు. అప్పుడు పేరు లేకుండా ఇదే పని చేస్తుంటారు, అడిగే హక్కు కూడా ఉండదు.

రెండోది, పని ఉంచుకుని ఒక షరతు పెట్టడం: ఐటీ సార్ ఫోనులో ‘అవును’ అనేదాకా ‘సిస్టమ్ వచ్చింది’ అన్న నోటీసు బయటికి వెళ్లదు. అడగాల్సినవి నాలుగే. ఏం పోయింది? నంబర్లు ఎక్కడి నుంచి? ఇప్పుడు ఏం చేయకూడదు? మళ్లీ ఎప్పుడు చెబుతారు? దీనివల్ల పది పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది. మేనేజర్ గారు దానికి ముందే ఒప్పుకుని ఉండాలి, లేకపోతే అందరూ మీ మీద విసుక్కునేది ఆ పది నిమిషాల్లోనే. రాత్రిపూట, మీ వారం సెలవు నాడు ఈ ఫోన్ ఎవరు చేస్తారో కూడా తేల్చాలి.

మూడోది, ఐటీ సార్‌తో ఒక పూట కూర్చుని మూడు నోటీసులు ముందే రాసిపెట్టుకోవడం: ఆగింది, వచ్చింది ఏమీ పోలేదు, వచ్చింది కొంత పోయింది. ఖాళీలు నింపితే చాలు, నైట్ డ్యూటీలో ఎవరున్నా పంపగలరు. దీని ప్రమాదం అలవాటు. పదిసార్లు ‘ఏమీ పోలేదు’ నింపిన చేయి పదకొండోసారీ అదే నింపుతుంది. అందుకే ఆ ఒక్క ఖాళీ మాత్రం మీరు కాకుండా ఐటీ వాళ్లే నింపాలని పెట్టుకోండి.

నన్నడిగితే మూడోదాన్ని పట్టుకుని, రెండోదానిలోని ఆ ఫోన్‌ను దానికి కలుపుకోండి. ఐటీ సార్‌తో మాట్లాడేటప్పుడు గ్రూపులో కాకుండా విడిగా వెళ్లండి. ఆయన రెండు లైన్లు, పైన నేను రాసిన నోటీసు పక్కపక్కన పెట్టి, ‘సార్, మీ మెసేజ్‌లోంచి ఇంత తీయాలి, ఇందులో నాకు తెలిసేది ఏది, మీరు చెప్పాల్సింది ఏది?’ అని అడగండి. ఎవరిది తప్పని మొదలుపెడితే ఆయన ‘రాశాగా’ దగ్గరే ఆగిపోతారు. నోటీసు కింద ‘ఐటీ విభాగం నిర్ధారించిన సమయం’ అని ఒక లైను పెట్టుకోవడానికి ఆయన ఒప్పుకుంటే ఇద్దరికీ మంచిది.

నోటీసులో తప్పు దొర్లిందని తర్వాత తెలిస్తే పాత మెసేజ్‌ను దిద్దకండి. వాట్సాప్ 15 నిమిషాల లోపు దిద్దనిస్తుంది గానీ, దిద్దినట్టు ఎవరి ఫోనూ మోగదు. పైగా ఆపాటికి అది వార్డు గ్రూపులకు ఫార్వర్డ్ అయి ఉంటుంది. ‘11:12కి పెట్టిన నోటీసు తప్పు, దాన్ని పట్టించుకోకండి’ అని మొదటి లైనులోనే చెప్పి కొత్తది పెట్టండి.

చివరగా, ఆ సోమవారం సంగతి పూర్తయిందని నాకు అనిపించట్లేదు. ఆ రోజు నంబర్లు ముందుకు జరిపారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఐటీ సార్‌ను 11:10 తర్వాత ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ల జాబితా తీసివ్వమనండి. ల్యాబ్‌లో శాంపిళ్లు రాసుకునే చేతి రిజిస్టర్ ఉంటే దాన్ని, లేకపోతే ఆ పొద్దుటి చీటీల నకళ్లను పక్కన పెట్టుకుని, ఒకే నంబరు ఇద్దరి పేర్ల మీద ఉందేమో చూడండి. ఒక్కటి దొరికినా ఆ ఇద్దరి రిపోర్టులూ ల్యాబ్ డాక్టరు గారికి చూపించి, ఆ పేషెంట్లకు ఫోన్ చేయించండి. ఈ వారంలోనే చేయండి.